డెడ్‌బీట్ కంట్రోల్: లెక్కలో రెండు అడుగులు, బల్ల మీద గలాటా

మామూలు లీనియర్ ఫీడ్‌బ్యాక్ కంట్రోలర్ ఏదైనా, కంటిన్యువస్ టైమ్‌లో లోపాన్ని తగ్గిస్తూ పోతుందే గానీ పూర్తిగా సున్నా చేయదు. ఎక్స్‌పొనెన్షియల్ తోక ఎప్పటికీ మిగిలే ఉంటుంది. డిస్క్రీట్ టైమ్‌లో ఆ ఇబ్బంది లేదు. క్లోజ్డ్ లూప్ పోల్స్ అన్నింటినీ z = 0 దగ్గర పెడితే n ఆర్డర్ ఉన్న వ్యవస్థ n శాంపిళ్లలో కచ్చితంగా గమ్యం చేరి అక్కడే నిలుస్తుంది. దీన్నే డెడ్‌బీట్ అంటారు. 1950లలో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో జాన్ రగాజిని చుట్టూ ఉన్న పరిశోధకులు శాంపిల్డ్ డేటా సిద్ధాంతాన్ని కట్టుకొస్తున్నప్పుడే ఈ ఆలోచన కూడా రూపు దిద్దుకుంది. ట్యూనింగ్ చేయాల్సిన నాబ్ ఒక్కటీ లేకపోవడం దీని ఆకర్షణ. మోడల్ తెలిస్తే గెయిన్ దానంతటదే వచ్చేస్తుంది.

చిక్కంతా ఆ 'మోడల్ తెలిస్తే' దగ్గరే ఉంది. పెద్ద ఉదాహరణ అక్కర్లేదు, ఒక కరెంట్ లూప్‌ను తీసుకుంటే చాలు. డెడ్‌బీట్‌ను నిజంగా ఎక్కువగా వాడే చోటు కూడా అదే: మోటార్ డ్రైవులు, గ్రిడ్ ఇన్వర్టర్లు.

300 వోల్టుల డీసీ బస్, ఫుల్ బ్రిడ్జ్, దానికి ఒక డీసీ మోటార్ ఉన్నాయనుకుందాం. ఆర్మేచర్‌కు సిరీస్‌లో ఒక పౌడర్ కోర్ చోక్ పెట్టారు. రెండూ కలిపి ఇండక్టెన్స్ L = 2 మిల్లీహెన్రీలు. మోటార్ తిరుగుతున్న వేగంలో బ్యాక్ ఈఎంఎఫ్ e = 60 వోల్టులు. వైండింగ్ రెసిస్టెన్స్ చిన్నది కాబట్టి లెక్కలోంచి వదిలేద్దాం. శాంపిలింగ్ 10 కిలోహెర్ట్జ్, అంటే T = 100 మైక్రోసెకన్లు. అప్పుడు ఒక శాంపిల్ నుంచి తర్వాతి శాంపిల్‌కు కరెంట్ ఇలా మారుతుంది:

`i[k+1] = i[k] + (T/L)·(v[k] − e)`

వచ్చే శాంపిల్‌కల్లా కరెంట్ r ఆంపియర్లు కావాలంటే ఎంత వోల్టేజ్ ఇవ్వాలో ఈ సమీకరణాన్ని తిప్పి రాస్తే తెలిసిపోతుంది:

`v[k] = (L/T)·(r − i[k]) + e`

ఇక్కడ L/T విలువ 20, అంటే ఒక ఆంపియర్ తేడాకు 20 వోల్టులు. 10 ఆంపియర్ల స్టెప్ అడిగితే 200 వోల్టులు, బ్యాక్ ఈఎంఎఫ్ కలిపితే 260. బస్‌లో 300 ఉన్నాయి కాబట్టి సరిపోతుంది. డిజైన్ ఇంతే, పూర్తయిపోయింది.

బోర్డు మీదికి ఎక్కించగానే మొదట తగిలేది డిలే. కరెంట్ శాంపిల్ తీసుకుని, లెక్క వేసి, డ్యూటీ రిజిస్టర్‌లో రాసినా, ఆ కొత్త విలువ అమల్లోకి వచ్చేది తర్వాతి పీడబ్ల్యూఎం పీరియడ్ మొదట్లోనే. అంటే k దగ్గర లెక్కేసిన వోల్టేజ్ k+1 దగ్గర పడుతుంది. దీన్ని పట్టించుకోకుండా పై సూత్రాన్ని అలాగే నడిపితే ఏమవుతుందో చేత్తోనే లెక్కేయొచ్చు. 10 ఆంపియర్లు అడిగాక కరెంట్ 0, 0, 10 అని వస్తుంది. ఈలోగా కంట్రోలర్ పాత శాంపిల్ చూసి 'ఇంకా సున్నానే' అనుకుని మరో 200 వోల్టులు పంపేసి ఉంటుంది. కరెంట్ 20కి పోతుంది, తర్వాత 20, 10, 0, 0, మళ్లీ 10, 20, 20, 10... ఇది ఆగదు. క్లోజ్డ్ లూప్ సమీకరణం `z² − z + 1 = 0` అవుతుంది. దాని పోల్స్ సరిగ్గా యూనిట్ సర్కిల్ మీద, 60 డిగ్రీల దగ్గర కూర్చుంటాయి. ఆరు శాంపిళ్లకు ఒక చుట్టు. మోడల్‌లో తప్పు ఒక్కటీ లేదు, ఇండక్టెన్స్ కచ్చితంగా 2 మిల్లీహెన్రీలే. అయినా లూప్ నిలవలేదు. నిదానంగా ట్యూన్ చేసిన పీఐ కంట్రోలర్‌కైతే ఒక శాంపిల్ డిలే అంటే కొంచెం ఫేజ్ మార్జిన్ పోవడమే. ఎక్కడా మార్జిన్ మిగుల్చుకోని డెడ్‌బీట్‌కు మాత్రం అంతా పోయినట్టే.

దీనికి అందరూ చేసే పరిష్కారం ప్రిడిక్షన్. ఇప్పుడు నడుస్తున్న వోల్టేజ్ ఎంతో మనకు తెలుసు కాబట్టి k+1 దగ్గర కరెంట్ ఎంత ఉంటుందో ముందే లెక్కగట్టి, ఆ అంచనా మీద డెడ్‌బీట్ సూత్రం వాడతారు. ఇండక్టెన్స్ సరిగ్గా తెలిసి ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. కరెంట్ 0, 0, 10, 10, 10 అని వచ్చి ఆగిపోతుంది. మొత్తం రెండు శాంపిళ్లు, 200 మైక్రోసెకన్లు. ఇంతకన్నా శుభ్రమైన స్టెప్ రెస్పాన్స్ ఉండదు.

ఇప్పుడు ఇండక్టెన్స్‌లో కాస్త తేడా పెడదాం. ఫర్మ్‌వేర్‌లో రాసింది 2 మిల్లీహెన్రీలు, నిజంగా ఉన్నది 1.6. ఫర్మ్‌వేర్ విలువను నిజమైన విలువతో భాగిస్తే g = 1.25. కింది ఐదు లైన్ల కోడ్‌లో `i` అంటే కరెంట్. `w` అంటే కంట్రోలర్ ఒక శాంపిల్‌లో తేవాలనుకున్న మార్పు. రెండూ ఆంపియర్లలోనే.

```
g, r = 1.25, 10.0
i, w = 0.0, 0.0
for k in range(8):
    print(k, round(i, 2))
    i, w = i + g*w, r - i - w
```

వచ్చే వరుస 0, 0, 12.5, 12.5, 9.38, 9.38, 10.16, 10.16. రెండు అడుగుల్లో ఆగాల్సింది 25 శాతం ఓవర్‌షూట్ చేసి, గమ్యానికి అటూ ఇటూ ఊగుతూ సర్దుకుంటోంది. `g = 2` పెట్టి చూస్తే 0, 0, 20, 20, 0, 0, 20, 20 అని అంతులేకుండా సాగుతుంది. 10 అడిగితే 20 వస్తున్నప్పుడు ఓవర్‌కరెంట్ ట్రిప్ కొట్టక మానదు.

ఈ లూప్ క్లోజ్డ్ లూప్ సమీకరణం చూస్తే అసలు జబ్బు తెలుస్తుంది:

`z² = 1 − g`

g కచ్చితంగా 1 అయితే రెండు పోల్స్ సున్నా దగ్గరే. ఇండక్టెన్స్ 10 శాతం తప్పితే (g = 1.1) పోల్స్ జరిగేది 0.1 దూరం కాదు, 0.1 వర్గమూలం, అంటే సుమారు 0.32. తప్పు 25 శాతమైతే 0.5 దాకా పోతాయి. 1 శాతం తప్పు కూడా 0.1 దూరం జరుపుతుంది. డిలే లేని ఒక్క పోల్ లూప్‌లో ఇదే 10 శాతం తప్పుకు పోల్ 0.1 మాత్రమే కదిలేది. అంటే ప్రిడిక్షన్ డిలేను దాచిపెట్టింది గానీ, దాని ధరను మోడల్ తప్పుల మీద వేసింది.

ఈ వర్గమూలం ఈ ఒక్క సర్క్యూట్‌కే పరిమితం కాదు. డెడ్‌బీట్ అంటేనే n పోల్స్‌ను ఒకే బిందువు మీద పేర్చడం. సమీకరణం `zⁿ = 0` అయినప్పుడు దాని చివరి గుణకంలో ε అంత తేడా వచ్చినా పోల్స్ ε కు n-వ మూలం అంత దూరం విసిరివేసినట్టు చెదురుతాయి. నాలుగో ఆర్డర్ వ్యవస్థలో 0.01 అంత తేడా వస్తే పోల్స్ 0.32 దూరంలో కనిపిస్తాయి. పోల్స్ విడివిడిగా ఉన్న డిజైన్‌లో చిన్న తప్పుకు చిన్న కదలికే ఉంటుంది. ఒకేచోట పేర్చిన వాటికి ఆ మన్నింపు లేదు. 'గెయిన్ ఎక్కువ కాబట్టి సున్నితం' అని పాఠాల్లో దాటేస్తుంటారు. అది నిజమే గానీ సగం నిజం. ఆర్డర్ పెరిగేకొద్దీ డెడ్‌బీట్ ఎందుకు పనికిరాకుండా పోతుందో చెప్పేది ఈ మూలం లెక్కే.

1.6 మిల్లీహెన్రీల ఉదాహరణ ఊరికే కల్పించింది కాదు. ఇండక్టెన్స్ పాడయ్యే దిక్కు ఎప్పుడూ ఒకటే. పౌడర్ కోర్ చోక్‌లో కరెంట్ పెరిగేకొద్దీ కోర్ మెల్లగా సాచురేట్ అవుతూ ఇండక్టెన్స్ తగ్గుతుంది. పూర్తి లోడ్ దగ్గర మూడో వంతు తగ్గేలా డిజైన్ చేసిన చోక్‌లు కూడా మామూలే, ఎందుకంటే అంతకన్నా తగ్గకూడదంటే కోర్ పెద్దదవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. డేటాషీట్‌లో మొదటి పేజీలో ఉండే విలువ మాత్రం సున్నా కరెంట్ దగ్గరిది. ఎల్‌సీఆర్ మీటర్ చూపేదీ దాదాపు అదే. దాన్ని తీసుకెళ్లి ఫర్మ్‌వేర్‌లో పెడితే లోడ్ ఎక్కినప్పుడల్లా g ఒకటిని దాటుతుంది. ఖాళీగా నడిపినప్పుడు అందంగా ఉన్న స్టెప్ రెస్పాన్స్ పూర్తి కరెంట్ దగ్గర మోత పెట్టడానికి కారణం చాలాసార్లు ఇదే. టెస్ట్ బెంచ్ మీద 2 ఆంపియర్ల స్టెప్ చూసి 'అంతా ఓకే' అనుకున్నవాళ్లకు 15 ఆంపియర్ల దగ్గర టెన్షన్ మొదలవుతుంది.

అవతలి దిక్కులో తప్పితే ఇంత గొడవ ఉండదు. ఫర్మ్‌వేర్‌లో నిజం కన్నా తక్కువ రాసి g = 0.8 చేస్తే కరెంట్ 0, 0, 8, 8, 9.6, 9.6 అని మెట్లు ఎక్కినట్టు పైకి వస్తుంది, ఓవర్‌షూట్ ఉండదు. పోల్స్ 0.45 దగ్గర ఉన్నా అవి కీడు చేసేవి కావు. కాబట్టి కరెంట్‌ను బట్టి L మారే టేబుల్ ఒకటి పెట్టుకోవడం మేలు. అంత ఓపిక లేకపోతే పూర్తి లోడ్ దగ్గరి ఇండక్టెన్స్‌ను రాసుకోవాలి.

ఇక వోల్టేజ్ సంగతి. ఆంపియర్‌కు 20 వోల్టులు అన్న గెయిన్, కరెంట్ సెన్సర్ నాయిస్‌ను కూడా అలాగే గుణిస్తుంది. డెడ్‌బీట్‌లో ప్రతి శాంపిల్ నాయిస్‌ను కంట్రోలర్ నిజమైన లోపంగా నమ్మి వెంటనే సరిచేస్తుంది, మరుసటి శాంపిల్‌లో ఆ దిద్దుబాటును మళ్లీ దిద్దుతుంది. లెక్క కడితే 0.1 ఆంపియర్ ఆర్‌ఎంఎస్ నాయిస్‌కు వోల్టేజ్ ఆజ్ఞలో 2.8 వోల్టుల ఆర్‌ఎంఎస్ కుదుపు వస్తుంది. ఇది భరించదగ్గదే. శాంపిల్ తీసే క్షణం తప్పితేనే భరించలేం. యూనిపోలార్ పీడబ్ల్యూఎంలో ఈ సర్క్యూట్ కరెంట్ రిపుల్ శిఖరం నుంచి లోయకు 1.2 ఆంపియర్లు. క్యారియర్ శిఖరం దగ్గరో లోయ దగ్గరో శాంపిల్ తీస్తే సగటు కరెంటే చేతికొస్తుంది. ఏడీసీ ట్రిగర్ కాస్త జరిగిందంటే 0.6 ఆంపియర్ల దాకా తేడా చూపిస్తుంది, కంట్రోలర్ దానికి 12 వోల్టులు అదనంగా అడుగుతుంది. స్విచింగ్ అంచుకు దగ్గరైతే స్పైక్ కూడా తోడవుతుంది.

శాంపిలింగ్ వేగం పెంచితే డెడ్‌బీట్ ఇంకా చురుగ్గా ఉంటుందనే ఆశ చాలామందికి ఉంటుంది. 20 కిలోహెర్ట్జ్‌కు పోయి చూద్దాం. గెయిన్ ఆంపియర్‌కు 40 వోల్టులైంది. 10 ఆంపియర్ల స్టెప్‌కు 400 వోల్టులు, పైన 60. బస్‌లో ఉన్నవి 300. 60 వోల్టుల బ్యాక్ ఈఎంఎఫ్‌ను దాటాక కరెంట్‌ను ఎక్కించడానికి మిగిలేది 240 వోల్టులే, వాటితో 2 మిల్లీహెన్రీలలో 10 ఆంపియర్లు ఎక్కడానికి కనీసం 83 మైక్రోసెకన్లు పడుతుంది. ఏ కంట్రోలర్ వచ్చినా ఇది మారదు. 100 మైక్రోసెకన్ల డెడ్‌బీట్ అప్పటికే ఆ హద్దుకు ఆనుకుని ఉంది. వేగం రెట్టింపు చేస్తే డిలే తగ్గుతుంది నిజమే, కానీ పెద్ద స్టెప్పుల్లో వోల్టేజ్ లిమిట్‌కు కొట్టుకోవడం, నాయిస్ కుదుపు రెట్టింపవడం కూడా వెంట వస్తాయి. ఇది ఒక ఇంటిగ్రేటర్ ఉన్న సర్క్యూట్. టార్క్ ఇచ్చి పొజిషన్‌ను నడిపే రెండు ఇంటిగ్రేటర్ల వ్యవస్థలో పొజిషన్ గెయిన్ `1/T²` కు తగ్గట్టు పెరుగుతుంది. శాంపిలింగ్ రెట్టింపైతే గెయిన్ నాలుగు రెట్లు.

లిమిట్‌కు తగిలినప్పుడు జరిగే చిన్న పొరపాటు ఒకటుంది. ప్రిడిక్టర్‌కు ఇవ్వాల్సింది కంట్రోలర్ అడిగిన వోల్టేజ్ కాదు, లిమిట్ చేశాక నిజంగా బయటికి వెళ్లిన వోల్టేజ్. 460 అడిగి 300 ఇచ్చినప్పుడు ప్రిడిక్టర్ 460 అనుకుంటే, గమ్యం చేరిపోయామని నమ్మి మరుసటి అడుగులో తోయడం మానేస్తుంది. కోడ్‌లో ఒక్క వేరియబుల్ పేరు తేడా అంతే, కానీ పెద్ద స్టెప్పుల్లోనే కనిపించే లోపం కాబట్టి వెతకడానికి సమయం తినేస్తుంది.

డెడ్‌బీట్‌లో ఇంటిగ్రేటర్ లేదు కాబట్టి స్థిరమైన వోల్టేజ్ తప్పు స్థిరమైన కరెంట్ తప్పుగా మిగిలిపోతుంది. పై స్విచ్, కింది స్విచ్ ఒకేసారి ఆన్ అవకుండా ఇచ్చే డెడ్ టైమ్ 1 మైక్రోసెకన్ ఉన్నా, రెండు లెగ్‌లు కలిపి ఈ బస్ మీద 6 వోల్టులు పోతాయి. డిలే లేని డెడ్‌బీట్‌లో అది 6/20, అంటే 0.3 ఆంపియర్ల తప్పు. ప్రిడిక్టర్ ఉన్నచోట ఆ 6 వోల్టులు ప్రిడిక్షన్‌లో ఒకసారి, ఆజ్ఞలో ఒకసారి లెక్కకు వచ్చి తప్పు 0.6 అవుతుంది. కరెంట్ దిశ మారితే దీని గుర్తు కూడా మారుతుంది. ప్రిడిక్ట్ చేసిన కరెంట్‌ను కొలిచిన కరెంట్‌తో పోల్చి, ఆ తేడా నుంచి తెలియని వోల్టేజ్‌ను అంచనా వేసి కలపడం దీనికి వాడుకలో ఉన్న మందు. ఆ తేడాలో నాయిస్ కూడా ఉంటుంది కాబట్టి ఫిల్టర్ వేయకుండా కలిపితే మళ్లీ మొదటికొస్తుంది. ఫిల్టర్ వేస్తే కొత్త పోల్ ఒకటి వచ్చి చేరుతుంది. రెండు అడుగుల్లో ఆగే వ్యవస్థ అన్న మాట అక్కడికి ముగిసినట్టే.

లూప్ మోగుతున్నప్పుడు కారణం పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. కరెంట్‌ను ఓసిలోస్కోప్‌లో చూసినా, శాంపిళ్లను మెమరీలో లాగ్ చేసుకున్నా, ఊగుడు ఎన్ని శాంపిళ్లకు ఒకసారి తిరిగొస్తోందో లెక్కపెట్టాలి. ఆరు శాంపిళ్ల చుట్టు, అంటే 10 కిలోహెర్ట్జ్‌లో దాదాపు 1.67 కిలోహెర్ట్జ్ అయితే, డిలే కాంపెన్సేషన్ పనిచేయడం లేదు. పీడబ్ల్యూఎం రిజిస్టర్ షాడో లోడింగ్ ఎప్పుడు జరుగుతోందో చూడాలి. నాలుగు శాంపిళ్ల చుట్టు, 2.5 కిలోహెర్ట్జ్ అయితే కాంపెన్సేషన్ ఉంది, ఇండక్టెన్స్ ఎక్కువ రాశారు. ఎందుకంటే g ఒకటిని దాటినప్పుడు `z² = 1 − g` మూలాలు ఊహా అక్షం మీద, 90 డిగ్రీల దగ్గర పడతాయి. ఫర్మ్‌వేర్‌లో L ను 20 శాతం తగ్గించగానే మోత తగ్గితే అనుమానం తీరినట్టే. శాంపిలింగ్ వేగాన్ని 10 నుంచి 12 కిలోహెర్ట్జ్‌కు మార్చినా ఊగుడు ఫ్రీక్వెన్సీ కదలకుండా అక్కడే ఉంటే మాత్రం తప్పు డెడ్‌బీట్‌ది కాదు. అది ఎక్కడో ఉన్న ఎల్‌సీ ఫిల్టర్ రెజొనెన్స్.

పరిశ్రమలో డెడ్‌బీట్ పేరుతో నడుస్తున్న చాలా లూపులు నిజానికి మెత్తబరిచినవే. లోపాన్ని m అనే ఒక గుణకంతో తగ్గించి ఆజ్ఞ ఇస్తారు. m = 1 అయితే అసలు డెడ్‌బీట్. m = 0.5 పెడితే పోల్స్ సున్నా దగ్గర ఒకటి, 0.5 దగ్గర ఒకటి, అంటే ఒకదానిపై ఒకటి పేర్చినవి కావు. లూప్ నిలిచే హద్దు `g < 1 + 1/m`, అంటే రెండు నుంచి మూడుకు పెరుగుతుంది. ఇండక్టెన్స్ సగానికి పడిపోయినా లూప్ తట్టుకుంటుంది. వోల్టేజ్ నాయిస్ 2.8 నుంచి 1.15 వోల్టులకు దిగుతుంది. బదులుగా ఇచ్చుకునేది సమయం: 10 ఆంపియర్ల స్టెప్ 200 మైక్రోసెకన్లకు బదులు 600 మైక్రోసెకన్లకు 97 శాతం చేరుతుంది. బయట 20 మిల్లీసెకన్ల స్పీడ్ లూప్ ఉన్న డ్రైవులో ఆ 400 మైక్రోసెకన్లు ఎవరికీ పట్టవు. షార్ట్ సర్క్యూట్ తగిలితే మైక్రోసెకన్లలో కరెంట్ పట్టి ఆపాల్సిన చోట డెడ్‌బీట్ వైపు చూడటం కూడా సరికాదు. ఆ పని హార్డ్‌వేర్ కంపారేటర్‌ది. పూర్తి డెడ్‌బీట్‌కు న్యాయం జరిగేది ఎయిర్ కోర్ ఇండక్టర్ లాంటి, కరెంట్‌తో L మారని సర్క్యూట్లలో, ఎఫ్‌పీజీఏ మీద డిలేను శాంపిల్‌లో చిన్న భాగానికి కుదించగలిగినప్పుడే.